కాటా చెప్పని కిలోలు

పూతరేకులు, గుమ్మడి వడియాలు, అప్పడాల కట్టలు, ఒక పెద్ద డబ్బా నిండా చేగోడీలు, మధ్యలో నాలుగు పొడుల ప్యాకెట్లు. అమెరికాలో ఉన్న పిల్లలకు పంపడానికి మన ఇళ్లలో సర్దే పెట్టె దాదాపు ఇలాగే ఉంటుంది. దాన్ని కొరియర్ కౌంటర్లో కాటా మీద పెడితే 6.8 కిలోలు చూపించిందనుకోండి. బిల్లు మాత్రం 9.5 కిలోలకు వస్తుంది.

"అదేంటి బాబూ, కాటా కళ్ల ముందే ఉందిగా?"

"కాటా బరువు కాదమ్మా, సైజు బరువు వేస్తారండి. మీ పెట్టె పెద్దది."

కౌంటర్ దగ్గర రోజూ నడిచే సంభాషణే ఇది. కుర్రాడు అబద్ధం చెప్పడం లేదు. మోసమూ లేదు. కాకపోతే ఆ 'సైజు బరువు' ఎలా వచ్చిందో అడిగేవాళ్లూ తక్కువ, ఓపిగ్గా చెప్పేవాళ్లూ తక్కువ. పెట్టె ఇల్లు దాటకముందే ఫోన్‌తో రెండు మూడు ఫొటోలు తీసి ఆ లెక్క మనమే కట్టుకోవచ్చు. ఆ ఫొటో ఎలా తీయాలన్న దగ్గరే అసలు కిటుకు ఉంది. సరిగ్గా తీస్తే అర సెంటీమీటరు తేడాతో కొలత దొరుకుతుంది. తప్పుగా తీస్తే లెక్క పూర్తిగా తలకిందులవుతుంది.

ముందు సైజు బరువు సంగతి చూద్దాం. కొరియర్ వాళ్లు దీన్ని వాల్యూమెట్రిక్ వెయిట్ అంటారు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో కొలిచి, మూడింటినీ గుణించి, 5000తో భాగిస్తే వచ్చే కిలోలు అది. విదేశాలకు విమానంలో పంపే పెద్ద ఎక్స్‌ప్రెస్ కంపెనీలు ఎక్కువగా ఈ 5000నే వాడతాయి. మన పెట్టె 45 సెంటీమీటర్ల పొడవు, 35 వెడల్పు, 30 ఎత్తు. గుణిస్తే 47,250 ఘన సెంటీమీటర్లు. 5000తో భాగిస్తే 9.45 కిలోలు. కాటా బరువు 6.8, సైజు బరువు 9.45. రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే డబ్బు కడతాం. దాన్ని చార్జబుల్ వెయిట్ అంటారు.

అయిదు వేలే ఎందుకు? 5000 ఘన సెంటీమీటర్లంటే అయిదు లీటర్లు. అంటే మన సరుకు అయిదు లీటర్ల చోటు తీసుకుంటే, అది దూదైనా సరే, ఒక కిలో కిందే లెక్క. విమానం పొట్టలో చోటూ పరిమితమే, మోయగల బరువూ పరిమితమే. అప్పడాలూ వడియాలూ లాంటి సరుకు ఎక్కిస్తే బరువు పరిమితి దగ్గరికి రాకముందే చోటు అయిపోతుంది. కాటా బరువుకే డబ్బు తీసుకుంటే విమానం నిండినా ఖర్చు రాదు. అందుకే చోటుకు కూడా ఒక కిలో విలువ కట్టారు. మామూలు ఎయిర్ కార్గోలో చాలాకాలంగా ఉన్న లెక్క కిలోకు 6000 ఘన సెంటీమీటర్లు. ఎక్స్‌ప్రెస్ కొరియర్లు దాన్ని 5000కి దించాయి. భాగించే సంఖ్య తగ్గితే వచ్చే కిలోలు పెరుగుతాయి. కాబట్టి అది తగ్గింపులా వినిపించినా పెంపే. అమెరికాలో అంగుళాల్లో కొలిచి 139తో భాగించి పౌండ్లు రాబడతారు. మార్చి చూస్తే అది కూడా ఇంచుమించు మన 5000 లెక్కే. అక్కడ రోడ్డు మీద వెళ్లే పార్సిళ్లలో మూడు ఘనపుటడుగులు దాటిన పెట్టెలకే ఒకప్పుడు ఈ లెక్క ఉండేది. ఫెడెక్స్, యూపీఎస్ రెండూ 2015 మొదలయ్యే సమయానికి చిన్నా పెద్దా తేడా లేకుండా అన్ని పెట్టెలకూ దీన్ని వర్తింపజేశాయి.

దీన్నిబట్టి ఇంట్లోనే ఒక అంచనాకు రావచ్చు. ఆవకాయ సీసాలూ బెల్లం దిమ్మలూ పెట్టిన పెట్టెకు ఈ బెడద ఉండదు. దాని కాటా బరువే ఎప్పుడూ ఎక్కువ. పెట్టె ఎన్ని లీటర్లు పడుతుందో చూసి అయిదుతో భాగిస్తే వచ్చే సంఖ్య కన్నా కాటా బరువు తక్కువగా ఉంటేనే సైజు మీద బిల్లు పడుతుంది. మన పెట్టె 47 లీటర్ల పైచిలుకు. కాబట్టి తొమ్మిదిన్నర కిలోల సరుకు పట్టిస్తే గానీ కాటా గెలవదు. పూతరేకులతో అది అయ్యే పని కాదు.

ఇక స్లాబు. విదేశీ పార్సిళ్లకు చాలాచోట్ల అరకిలో చొప్పున పైకి సవరిస్తారు. 9.45 అయితే 9.5. 9.51 వస్తే ఏకంగా 10. అంటే పది గ్రాముల తేడాకు అరకిలో డబ్బు పోవచ్చు. లెక్క కోసం కిలో 700 రూపాయలు అనుకుందాం. అప్పుడు ఒక్కో మెట్టు ఎక్కితే 350 రూపాయలు. కొలతలో అర సెంటీమీటరు గురించి ఇంత గొడవ ఎందుకో ఇప్పుడు అర్థమవుతుంది. కొన్ని కంపెనీలు ఒక్కో వైపు కొలతనే పై సెంటీమీటరుకు సవరించి ఆ తర్వాత గుణిస్తాయి. 45.3, 35.4, 30.6 ఉన్న పెట్టె వాళ్ల లెక్కలో 46, 36, 31. గుణించి భాగిస్తే 10.27, అంటే 10.5 కిలోలు. మనవాళ్లు ఎలా సవరిస్తారో ముందే అడగడం మంచిది.

ఇంట్లో టేపు ఉంటే, పెట్టె పక్కన మనం ఉంటే, ఫొటో అక్కర్లేదు. టేపే మేలు. కానీ పెట్టె సర్దేది ఒకచోట, డబ్బు కట్టేది ఇంకోచోట అయినప్పుడు ఫొటో పనికొస్తుంది. తెనాలిలో అమ్మానాన్నలు సర్దుతారు, డల్లాస్‌లో కొడుకు ఆన్‌లైన్‌లో బుక్ చేస్తాడు. పొడవు వెడల్పులు అడిగితే "మామూలు పెట్టే నాన్నా, మరీ పెద్దది కాదు" అనే సమాధానమే వస్తుంది. ఫొటో అడిగితే కొలత వస్తుంది. ఆ ఫొటోలే రేపు బిల్లు మీద పేచీ వస్తే సాక్ష్యాలు కూడా.

ఫొటోలో సెంటీమీటర్లు ఉండవు, పిక్సెల్సే ఉంటాయి. పిక్సెల్స్‌ని సెంటీమీటర్లుగా మార్చాలంటే ఫొటోలో కొలత తెలిసిన వస్తువు ఒకటి ఉండాలి. అందరికీ దొరికేది ఏ4 కాగితం. దాని పొడవు 29.7 సెంటీమీటర్లు, వెడల్పు 21. ఏ జిరాక్స్ షాపులో కొన్నా ఇదే కొలత. దాన్ని పెట్టె ముందు ముఖం మీద, సరిగ్గా మధ్యలో, పెట్టె అంచులకు సమాంతరంగా, నాలుగు మూలలా టేపు వేసి ముడత లేకుండా అతికించాలి. పెట్టెను ఒక బల్ల మీద పెట్టి, ఒకటిన్నర మీటరు దూరం నుంచి, ఫోన్‌ను కాగితం మధ్యభాగానికి సమానమైన ఎత్తులో నిటారుగా పట్టుకుని, 2x పెట్టి తీయాలి. దగ్గరికి వెళ్లి 0.5x పెట్టి తీస్తే మాత్రం పనికిరాదు. ఆ వెడల్పాటి లెన్సు అంచుల్లో గీతలను వంచుతుంది. ఫోన్ ఆ వంపును సరిచేసినా మూలల దగ్గర సాగదీత మిగిలిపోతుంది.

ఫొటోను కంప్యూటర్లో పెయింట్ లాంటి ఏ సాధారణ ప్రోగ్రాంలో తెరిచినా మౌసు ఎక్కడుందో కింద అంకెల్లో కనిపిస్తుంది. కాగితం ఎడమ అంచు మీద ఒకసారి, కుడి అంచు మీద ఒకసారి చూసి తీసివేస్తే కాగితం పొడవు ఎన్ని పిక్సెల్సో తెలుస్తుంది. మన పెట్టె ముందు ముఖం ఫొటోలో అది 1188 వచ్చిందనుకుందాం. 29.7తో భాగిస్తే సెంటీమీటరుకు 40 పిక్సెల్స్. పెట్టె ఈ అంచు నుంచి ఆ అంచుకు 1800 పిక్సెల్స్ ఉంటే పొడవు 45 సెంటీమీటర్లు. కింది నుంచి పైకి 1200 ఉంటే ఎత్తు 30.

తర్వాత అదే కాగితాన్ని పక్క ముఖానికి మార్చి, అక్కడికి ఎదురుగా నిలబడి మరో ఫొటో. ఈసారి నిలబడ్డ దూరం కాస్త మారొచ్చు, ఫరవాలేదు. కాగితం పొడవు 1129 వస్తే సెంటీమీటరుకు 38 పిక్సెల్స్. వెడల్పు 1330 అంటే 35 సెంటీమీటర్లు. ఎత్తు 1144 అంటే 30.1. ఎత్తు రెండు ఫొటోల్లోనూ దొరికిందని గమనించండి. ఒక దాంట్లో 30, ఇంకో దాంట్లో 30.1 వచ్చాయంటే రెండు ఫొటోలూ ఒకదానికొకటి సాక్ష్యం చెబుతున్నట్టు. ఒక దాంట్లో 30, మరో దాంట్లో 28.5 వస్తే ఎక్కడో తేడా పడింది. సగటు తీసి సరిపెట్టుకోకుండా, ఫొటోలు మళ్లీ తీయాలి.

ఇంతవరకూ తేలిగ్గానే ఉంది కదా. కానీ చాలామంది కాగితం అతికించడానికి బద్ధకించి దాన్ని పెట్టె ముందు, పెట్టెకు కాస్త ఇవతల, ఏ డబ్బాకో ఆనించి నిలబెడతారు. చూడ్డానికి ఫొటో బాగానే ఉంటుంది. లెక్క మాత్రం కొంప ముంచుతుంది. కెమెరాకు దగ్గరగా ఉన్న వస్తువు పెద్దగా కనబడుతుంది. పెట్టె 150 సెంటీమీటర్ల దూరంలో, కాగితం 130 దూరంలో ఉందనుకోండి. కాగితం ఉండాల్సిన దానికన్నా పదిహేను శాతం పెద్దగా పడుతుంది. దాంతో పోల్చి కొలిచిన పెట్టె ఆ మేరకు చిన్నదైపోతుంది. 45 కాస్తా 39 అవుతుంది. 35 కాస్తా 30.3. ఎత్తు 26.

ఒక్కో వైపు తగ్గింది పదమూడు శాతమే. కానీ గుణించేది మూడింటినీ. 39, 30.3, 26 గుణిస్తే సుమారు 30,700. 5000తో భాగిస్తే 6.1 కిలోల చిల్లర. అసలు సైజు బరువు 9.45 అయితే ఇక్కడ మూడో వంతు మాయమైంది. పైగా మన కాటా బరువు 6.8. అంటే ఈ ఫొటో ప్రకారం కాటాయే గెలిచింది, 7 కిలోలకే బిల్లు రావాలి! ఆ నమ్మకంతో ఇంటి నుంచి పంపి, తీరా 9.5కి బిల్లు చూసి కొరియర్ వాడితో పోట్లాటకు దిగుతాం. కిలో 700 లెక్కన తేడా 1750 రూపాయలు.

ఇందులో ఇంకో చిక్కుంది. రెండో ఫొటోలో కూడా కాగితాన్ని అలాగే ఇరవై సెంటీమీటర్లు ఇవతల పెడితే ఆ ఎత్తూ 26 అనే వస్తుంది. రెండు సాక్షులూ ఒకే అబద్ధం ఆడతాయి. ఎత్తుల పోలిక ఫొటోకీ ఫొటోకీ తేడాను పట్టిస్తుంది గానీ రెండింట్లోనూ ఒకేలా జరిగిన తప్పును పట్టించదు. దీనికి మందు పిల్లల స్కూలు స్కేలు. పెట్టె ఒక్క అంచును, ఎత్తునే అనుకోండి, స్కేలుతో కొలిచి ఫోన్‌లో చెప్పమంటే చాలు. అది 30 ఉండి ఫొటో 26 అంటుంటే కాగితం ముఖానికి అంటుకుని లేదన్నమాట. కాగితం నీడ పెట్టె మీద విడిగా పడుతున్నా అదే సూచన.

రెండో తప్పు వాలు. ఎదురుగా కాకుండా పక్కనుంచి తీస్తే దగ్గరున్న అంచు పెద్దగా, దూరపు అంచు చిన్నగా పడుతుంది. ఒక మూల కూర్చుని క్యారమ్ బోర్డును చూస్తే చతురస్రం చతురస్రంలా కనబడదు కదా, అలాగే. దీన్ని పట్టుకోవడానికి కాగితమే ఉపాయం చెబుతుంది. ఏ4 పొడవును వెడల్పుతో భాగిస్తే 1.414 రావాలి. మన మొదటి ఫొటోలో పొడవు 1188, వెడల్పు 840 పిక్సెల్స్ ఉంటే సరిగ్గా 1.414. ఫొటో ఎదురుగా తీశారన్నమాట. భాగిస్తే 1.35 వచ్చిందా, కెమెరా పక్కకు ఉంది. 1.48 వచ్చిందా, కెమెరా మరీ పైనుంచో కిందనుంచో చూస్తోంది. కాగితం ఎడమ అంచు 840, కుడి అంచు 800 ఉన్నా అదే కథ. నిలబడి కిందకి వంగి తీసే వాళ్లందరి ఫొటోల్లోనూ ఈ రెండో రకం వాలు ఉంటుంది. మనకు అలవాటైన భంగిమ అదే మరి. అందుకే పెట్టెను బల్ల మీద పెట్టమన్నది.

వాలిన ఫొటోను పారేయాల్సిన పనిలేదు. కాగితం నాలుగు మూలలూ ఫొటోలో ఎక్కడున్నాయో గుర్తించి, అవి నిజానికి 29.7కి 21 దీర్ఘచతురస్రం మూలలని చెబితే, ఆ ముఖం ఎంత వంకరగా పడిందో లెక్కగట్టి దాన్ని తిన్నగా చేసే గణితం ఉంది. పేరు హోమోగ్రఫీ. నాలుగు మూలలు చాలు, ఆ వంకర మొత్తం తెలిసిపోతుంది. ఫోన్‌లో కాగితాలు స్కాన్ చేసే యాప్‌లు వంకరగా తీసిన పేజీని తిన్నగా చూపించేది దీనితోనే. ఫొటో నుంచి పెట్టె కొలిచే ప్రోగ్రాంలలో చాలావాటి లోపల ఉన్నదీ ఇదే. కాకపోతే దానికో హద్దుంది. కాగితం ఏ ముఖం మీద ఉందో ఆ ముఖానికే ఆ సవరణ వర్తిస్తుంది. మూలగా నిలబడి ఒకే ఫొటోలో రెండు ముఖాలూ పడేలా తీసి, ముందు ముఖం మీది కాగితంతో పక్క ముఖాన్ని కొలుద్దామంటే కుదరదు. రెండో ముఖానికి రెండో కాగితం కావాలి.

కాగితం లేకపోతే ఆధార్ కార్డు పెట్టవచ్చా అని అడుగుతారు. పీవీసీ ఆధార్, ఏటీఎం కార్డు, పాన్ కార్డు అన్నీ ఒకే అంతర్జాతీయ కొలతలో ఉంటాయి. పొడవు 8.56 సెంటీమీటర్లు, వెడల్పు సుమారు 5.4. పెట్టవచ్చు గానీ రెండు కారణాల వల్ల వద్దంటాను. కార్డు మీద నంబర్లున్న ఫొటో వాట్సాప్‌లో తిరగడం మంచిది కాదన్నది ఒకటి. రెండోది అసలు కారణం. కొలిచేటప్పుడు అంచును గుర్తించడంలో నాలుగు పిక్సెల్స్ అటూ ఇటూ పోవడం సహజం. ఏ4 కాగితానికి 1188లో నాలుగంటే మూడో వంతు శాతం. కార్డు ఫొటోలో 342 పిక్సెల్సే ఉంటుంది. అందులో నాలుగంటే శాతం పైనే. ఆ శాతం పొడవులోనూ, వెడల్పులోనూ, ఎత్తులోనూ చేరి, గుణించేసరికి మూడున్నర శాతం అవుతుంది. 9.45 కాస్తా 9.78 అయి, 10 కిలోల స్లాబులో పడుతుంది. అదే పొరపాటు ఏ4తో చేస్తే సుమారు ఒక శాతమే ఉంటుంది. కొలబద్ద పెద్దదైతే మన చేతి వణుకు చిన్నదవుతుంది.

ఫొటోను వాట్సాప్‌లో పంపితే సైజు తగ్గి కొలత చెడిపోతుందని కొందరి భయం. కాగితమూ పెట్టె రెండూ ఒకే నిష్పత్తిలో తగ్గుతాయి కాబట్టి లెక్క చెడదు. అంచులు కాస్త మసకబారి, గుర్తించడం కష్టమవుతుంది, అంతే. డాక్యుమెంటుగా పంపితే ఆ ఇబ్బందీ లేదు. గ్యాలరీలో ఎడిట్ నొక్కి ఫొటోను 'సరిచేసి' పంపడం మాత్రం వద్దు. అక్కడ నిజంగానే నిష్పత్తి మారే ప్రమాదం ఉంది.

ఇప్పుడు ఉబ్బు దగ్గరికి వద్దాం. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. అట్టపెట్టె అమ్మేవాడు 45, 35, 30 అని చెప్పినా, అది ఖాళీ పెట్టె కొలత. మనం చివర్లో ఇంకో అప్పడాల కట్ట తోసి, మూత మీద మోకాలు పెట్టి టేపు వేస్తే, మూత రెండు సెంటీమీటర్లు పైకి లేస్తుంది. పక్కలు చెరో సెంటీమీటరు బయటికి వస్తాయి. కొరియర్ హబ్‌లలో పెట్టెలను కొలిచే యంత్రాలు మూల నుంచి మూలకు కొలవవు. కన్వేయర్ మీద వెళుతున్న పెట్టెను పైనుంచి లేజర్లతోనో లోతును చూసే కెమెరాలతోనో చూసి, అది మొత్తంగా పట్టే అతి చిన్న దీర్ఘఘనం ఎంతో లెక్కిస్తాయి. ఎక్కడ ఎక్కువ ఉబ్బితే కొలత అక్కడ. పురికొస ముడి పైకి లేచినా, టేపు అంచు ఊడి నిలబడినా ఆ మేరకు ఎత్తు పెరిగే అవకాశం ఉంది. యంత్రం లేని చోట మనిషి టేపుతో కొలిచినా నియమం ఇదే.

మన పెట్టె ఉబ్బి 45, 37, 32 అయిందనుకుందాం. గుణిస్తే 53,280. సైజు బరువు 10.66, బిల్లు 11 కిలోలకు. లోపల సరుకు అణుమాత్రం పెరగలేదు, కాటా ఇంకా 6.8 అనే అంటోంది. కిలో 700 అయితే ఉబ్బు ఖరీదు 1050 రూపాయలు. ఆ చివరి అప్పడాల కట్టకు పడిన కిరాయి అది.

ముందు ముఖం ఫొటోలో ఈ ఉబ్బు సగమే కనబడుతుంది. మూత లేచిన ఎత్తు పైగీత వంపులో తెలుస్తుంది, కాబట్టి ఎత్తును మూల దగ్గర కాకుండా వంపు శిఖరం దగ్గర కొలవాలి. పక్కల ఉబ్బు ఎదురుగా చూస్తే తెలియదు. దానికి పైనుంచి మూడో ఫొటో కావాలి. కాగితం ఉబ్బిన ముఖం మీద అతికిస్తే అది కూడా వంగి, కొలబద్దే పొట్టిదవుతుంది. అప్పుడు కాగితాన్ని ముందు ఒక గట్టి అట్టకు అతికించి, ఆ అట్టను పెట్టె ముఖానికి ఆనించడమే దారి. ఉబ్బున్న పెట్టెకు ఫొటో కొలత మీద రెండు సెంటీమీటర్లు కలుపుకుని లెక్క వేసుకోవడం క్షేమం. ఫొటోతో ఉబ్బును కచ్చితంగా పట్టడం కష్టమే.

కాటా వైపు చెప్పుకోవాల్సింది కొంచెమే. పెట్టె కాటా పళ్లెం కన్నా పెద్దదైతే అంచు గోడకో బల్లకో తగిలి బరువు తక్కువ చూపిస్తుంది. ఇంట్లో మనుషులు ఎక్కే కాటా ఉంటే, పెట్టె ఎత్తుకుని ఒకసారి, ఎత్తుకోకుండా ఒకసారి ఎక్కి తీసివేస్తే చాలు. మన పెట్టెకు సైజు బరువే గెలుస్తోంది కాబట్టి కాటాలో వంద గ్రాముల తేడా బిల్లును మార్చదు.

రెండు బరువులూ చేతిలో ఉన్నాయి: 6.8, 9.45. ఇప్పుడు ఏం చేయవచ్చు? పెట్టె లోపల పైభాగంలో న్యూస్‌పేపర్ ఉండలు కుక్కి ఉంటే, ఆ చోటంతా మనం కొని పారేస్తున్నట్టే. పెట్టెను ఎంత పొట్టి చేస్తే కాటా గెలుస్తుందో లెక్క కట్టవచ్చు. 6.8 ఎలాగూ 7కి సవరిస్తారు. 7 కిలోలంటే 35,000 ఘన సెంటీమీటర్లు. పొడవు వెడల్పులు 45, 35 అలాగే ఉంచి భాగిస్తే ఎత్తు 22.2. అంటే పెట్టెను 22 సెంటీమీటర్ల దగ్గర కోసి మడవగలిగితే బిల్లు 7 కిలోలకు దిగుతుంది. అంతకన్నా పొట్టి చేసినా పైసా తగ్గదు, ఇక కాటా బరువే లెక్క. పూతరేకుల్ని నలగ్గొట్టి మరీ 20కి దించాల్సిన పనిలేదన్నమాట. పెట్టె నాలుగు నిలువు మూలలనూ 22 దాకా కత్తిరించి, ఆ గీత మీద స్కేలు ఆనించి కత్తి మొండివైపుతో నొక్కితే మడత చక్కగా వస్తుంది. 24 దాకానే దించగలిగారా, 7.56 వస్తుంది, బిల్లు 8కి. అదీ నష్టం కాదు.

పెట్టె తగ్గించడం కుదరకపోతే ఎదురు దారి ఉంది. 9.5 కిలోలకు ఎలాగూ డబ్బు కడుతున్నాం, లోపలున్నది 6.8. మిగిలిన 2.7 కిలోలు ఉచితంగా వెళతాయి. న్యూస్‌పేపర్ ఉండలు తీసేసి ఆ చోట కందిపొడి, బెల్లం, ఊరగాయ, కారం ప్యాకెట్లు లాంటి చోటు తక్కువ, బరువు ఎక్కువ సరుకు రెండున్నర కిలోలు పెడితే బిల్లులో అణా పెరగదు. బరువైనవి అడుగున, పూతరేకులు పైన. ఆవకాయ ఒక పెట్టె, వడియాలు ఒక పెట్టె అని వేరుచేసి పంపేవాళ్లు ఆవకాయ పెట్టెకు కాటా మీద, వడియాల పెట్టెకు సైజు మీద కడతారు. రెండూ కలిపి సర్దితే ఒకదాని బరువు ఇంకోదాని చోటును వాడుకుంటుంది.

ఇదే పెట్టెను హైదరాబాద్ నుంచి బెంగళూరుకు రోడ్డు మీద పంపితే లెక్క వేరు. రోడ్డు కార్గోలో చాలామంది ఘనపుటడుగులతో లెక్కిస్తారు. మూడు వైపులూ గుణించి 27,000తో భాగిస్తే అడుగులు వస్తాయంటారు. 30 సెంటీమీటర్లను అడుగుగా తీసుకున్న లెక్క అది. అసలు అడుగు 30.48, కాబట్టి ఘనపుటడుగు 28,317 ఘన సెంటీమీటర్లు. ఆ కాస్త తేడా కంపెనీ జేబులోకే. ఒక్కో అడుగుకు ఇన్ని కిలోలని ఒప్పందంలో ఉంటుంది, 6 కావచ్చు, 8 కావచ్చు, 10 కావచ్చు. మన పెట్టె 1.75 అడుగులు. అడుగుకు 8 కిలోలైతే 14 కిలోలు. విమానంలో 9.45 అయిన పెట్టె లారీలో 14! కిలో రేటు తక్కువ కాబట్టి మొత్తం బిల్లు తక్కువే రావచ్చు. కానీ "కిలో ఎంత" అని మాత్రమే అడిగి రోడ్డునూ విమానాన్నీ పోల్చడం తప్పు. అడుగుకు ఎన్ని కిలోలు, లేదా ఎంతతో భాగిస్తారు అనేది రేటుతో పాటే అడగాలి.

చివరగా పేచీ సంగతి. ఆన్‌లైన్‌లో చీరలు, బొమ్మలు అమ్ముకునే చిన్న వ్యాపారులకు ఇది బాగా తెలుసు. బుక్ చేసినప్పుడు ఒక బరువు, పది రోజుల తర్వాత హబ్‌లో కొలిచామంటూ ఇంకో బరువు, తేడా డబ్బు వాలెట్‌లోంచి కోత. అభ్యంతరం చెప్పడానికి కొద్దిరోజులే గడువిస్తారు. అప్పటికి పెట్టె చేరాల్సిన చోటికి చేరి, విప్పేసి ఉంటుంది. ఇక మిగిలేది ఫొటోలే. అక్కడ ఏ4 కాగితపు లెక్కలు ఎవరూ వినరు. పొడవు, వెడల్పు, ఎత్తుల మీద టేపు పరిచి, అంకెలు చదవగలిగేలా తీసిన మూడు ఫొటోలు, కాటా మీద పెట్టె ఉండి అంకె కనిపించే ఒక ఫొటో అడుగుతారు. అన్నింట్లోనూ ఏడబ్ల్యూబీ నంబరున్న లేబుల్ కనబడాలి, లేకపోతే ఆ పెట్టె ఇదేనని రుజువేమిటి అంటారు. కాబట్టి లేబుల్ అతికించిన తర్వాతే, పికప్ కుర్రాడు రాకముందే తీయాలి. టేపు సున్నా కొస అంచుకు సరిగ్గా ఆనాలి. అవతలి కొసను కెమెరా నేరుగా చూడాలి. పక్కనుంచి తీస్తే టేపుకీ అంచుకీ మధ్య సందు వల్ల 45 ఉన్నది 44 గానో 46 గానో కనబడుతుంది. రెండోది కనబడితే మన ఫొటో వాళ్లకే సాక్ష్యమవుతుంది.